మా మామగారి పాయింట్ రెండు

మా మామగారు ముప్పై నాలుగేళ్లుగా లేతు మిషను నడుపుతున్నారు. ఇన్నేళ్లలో ఆయన చెయ్యి తప్పిందని అన్న మనిషిని నేను చూడలేదు. కార్డులో రాసినట్టే చేశాడని అన్న మనిషినీ చూడలేదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఏ పని కోసం ఎంత కొలత రాసిచ్చినా అందులో తన వంతుగా పాయింట్ రెండు ఎక్కువ ఉంచేస్తారు. పాయింట్ రెండు అంటే మిల్లీమీటరును పది ముక్కలు చేస్తే అందులో రెండు. గోరుతో గీకినా తెలియదు కదా అనుకుంటారు బయటివాళ్లు. మా వర్క్‌షాపులో దానికోసం సంసారాలే కదిలిపోతాయి.

సంసారం అని ఊరికే అనలేదు. లేతు మీద మామగారు, గ్రైండింగ్ మిషను మీద నేను, ఏ షాఫ్టు ఎంత కొలతకు కొయ్యాలో కార్డు రాసేది నా భార్య. ఇంట్లోనూ ముగ్గురమే, షాపులోనూ ముగ్గురమే. పొద్దున్నే ఒకే స్కూటరు మీద నేనూ నా భార్యా, వెనకాల సైకిలు మీద మామగారు. సైకిలు ఎందుకు మామయ్యా, బస్సెక్కొచ్చు కదా అంటే, బస్సు నా టైముకి రాదు, నేను దాని టైముకి పోను అంటారు. ఇలాంటి మనిషి కార్డు మాట వింటాడా?

నాకు ముక్కు మీద కోపం. షాపులో అందరికీ తెలుసు. అయినా ఈ పాయింట్ రెండు సంగతిలో మాత్రం నాలుగేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ మూసుకున్న నోటి పుణ్యమే.

ముందు మా పనేమిటో చెప్పాలి. షాఫ్టంటే మిషన్లో గుండ్రంగా తిరిగే ఇనుప కడ్డీ. దాని ఇనుము మెత్తగా ఉన్నప్పుడే మామగారు లేతు మీద కోస్తారు. తర్వాత అది ఊళ్లో వేరే చోటున్న ఫర్నేస్‌కు పోతుంది. అక్కడ ఎర్రగా కాల్చి, పైపొరకు కర్బనం పట్టించి, నూనెలో ముంచుతారు. పైన మిల్లీమీటరు మందాన గట్టి పొర కడుతుంది, లోపల గుండె మెత్తగానే ఉంటుంది. ఆ గట్టి పొర కోసమే ఈ పాట్లన్నీ. అయితే అంత వేడిలోంచి నూనెలోకి దూకిన షాఫ్టు నిటారుగా వస్తుందా? రాదు. నడుము దగ్గర కాస్త వంగి వస్తుంది. పొడుగ్గా సన్నగా ఉంటే మరీ వంగుతుంది. ఆ వంకరంతా పోయేదాకా రాయితో అరగదీసి అసలు కొలతకు తేవడం నా పని. అందుకే కోసేటప్పుడే అసలు కొలత మీద కొంచెం ఎక్కువ ఉంచాలి.

ఎంత ఎక్కువ? తక్కువ ఉంచితే, వంగి లోపలికి పోయిన పక్క నా రాయికి అందదు. కొలత వచ్చేస్తుంది, అక్కడ మాత్రం నల్ల మచ్చ మిగిలిపోతుంది. ఆ షాఫ్టు పాడైనట్టే. పోనీలే అని బారెడు ఉంచితే, నేను అరగదీసేది ఆ గట్టి పొరనే. ఉబ్బిన పక్క పొర పలచబడిపోతుంది, నాలుగు నెలల్లో షాఫ్టు అరిగిపోతుంది. తక్కువైతే నల్ల మచ్చ, ఎక్కువైతే పొర గోవిందా. ఈ రెంటి మధ్య ఉన్న ఒక్క అంకెను పట్టుకుని రాయడమే నా భార్య ఉద్యోగం.

మామగారు పనిలో చేరిన కొత్తలో ఒక షాఫ్టు అలాగే నల్ల మచ్చతో తిరిగొచ్చిందట. ఆయన మేస్త్రీ దాన్ని గుమ్మం పక్కన నిలబెట్టి, వచ్చేపోయే ప్రతివాడికీ చూపించాడట. వారం రోజులు! అప్పట్నుంచి ఈయనకు పాయింట్ రెండు రోగం పట్టుకుంది. ‘‘ఉన్నదాన్ని తియ్యొచ్చు అల్లుడూ, లేనిదాన్ని అతికించలేం’’ అంటారు. తీసేవాణ్ణి నేను కదా, ఆయనకేం పోయింది?

నా భార్య కార్డులు రాయడం మొదలుపెట్టిన నెలకే ఇది కనిపెట్టేసింది. తను పాయింట్ ఐదు రాస్తే షాఫ్టు మీద పాయింట్ ఏడు ఉంటోంది. తండ్రికి చెప్పి చూసింది. ‘‘అలాగేనమ్మా’’ అన్నారు. మళ్లీ పాయింట్ ఏడే. ఇంకోసారి చెప్పింది. ‘‘అలాగేనన్నానుగా’’ అన్నారు. మళ్లీ అంతే. మూడోసారి చెప్పలేదు. పాయింట్ ఐదు కావాల్సిన చోట పాయింట్ మూడు రాయడం మొదలుపెట్టింది. ఆయన ఎలాగూ రెండు కలుపుతారు, లెక్క సరిపోతుంది. షాఫ్టు నా దగ్గరికొచ్చేసరికి సరిగ్గా పాయింట్ ఐదు.

నాకు తెలియకుండా ఉంటుందా? కార్డూ నా చేతిలోనే, లావు కొలిచే మైక్రోమీటరూ నా చేతిలోనే. ‘‘ఏంటే ఈ దొంగాట?’’ అని అడిగాను.

‘‘నాన్న మనసు నొచ్చుకోకుండా, పని చెడకుండా ఉందిగా! మీకేంటండీ నష్టం?’’ అంది.

నాకేం నష్టం లేదు. ఇంట్లో గొడవ లేదు, షాపులో మచ్చ లేదు. సరేలే అని ఊరుకున్నాను. నాలుగేళ్లు హాయిగా గడిచిపోయాయి.

అప్పుడొచ్చాయి ఆరు షాఫ్టులు. రెండడుగుల పొడవు, ముప్పై రెండు మిల్లీమీటర్ల లావు, ఒక చివర నట్టు ఎక్కే మర. చూడ్డానికి వెదురుకర్రల్లా సన్నగా ఉన్నాయి. ఇనుము పని ఇచ్చినవాళ్లే తెచ్చిచ్చారు, ఆరంటే ఆరే ముక్కలు, ఏడోది లేదు. నా భార్య యథాప్రకారం పాయింట్ ఐదు కావాలని లెక్క తేల్చి కార్డులో పాయింట్ మూడు రాసింది.

అదే రోజు మా యజమాని లేతు పక్కన అప్పటికే కోసిపెట్టిన వేరే షాఫ్టొకటి తీసి కొలిచాడు. ఆ మనిషికి ఏం బుద్ధి పుట్టిందో! దాని కార్డు తెప్పించుకుని చూశాడు. నా భార్యను అందరి ముందూ నిలబెట్టి అడిగాడు.

‘‘కార్డులో పాయింట్ మూడు, దీని మీద పాయింట్ ఐదు. ఇక్కడ లెక్క ఎవరిదమ్మా? నీదా, మీ నాన్నదా?’’

తను ఏం చెబుతుంది? తండ్రి మాట వినడని చెబితే ఆయన పరువు పోతుంది. కావాలనే తప్పు రాస్తున్నానంటే తన ఉద్యోగం పోతుంది. 

‘‘నీ అంకె ఎవరూ పట్టించుకోనప్పుడు నీకా కుర్చీ ఎందుకు? ఈ ఆరు షాఫ్టుల్లో ఒక్కటి పాడైనా సరే, కార్డులు బయట ఆఫీసుకిచ్చేస్తాను. నువ్వు మళ్లీ స్టోర్ కిటికీ దగ్గర కూర్చుని డ్రిల్లు ముక్కలు లెక్కపెట్టుకో’’ అని వెళ్లిపోయాడు.

ఆ కిటికీ దగ్గర ఆరేళ్లు కూర్చుంది నా భార్య. అక్కడ కూర్చునే డ్రాయింగులు చదవడం నేర్చుకుంది, ఎవరూ నేర్పకుండానే. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. 

‘‘ఉన్న సంగతి మీ నాన్నకు చెప్పేసి కార్డు మార్చెయ్’’ అన్నాను.

‘‘ఈ ఆరూ అయిపోనివ్వండి. నాన్న ఎలాగూ మారడు. తర్వాత నెమ్మదిగా చెబుతాను’’ అంది.

నాన్న మారడు. ఆ ఒక్క మాట మీద మా ఇద్దరి బతుకూ పెట్టి నిద్రపోయాం.

మూడో రోజు మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని ముగ్గురం కూర్చున్నాం. ఆరు షాఫ్టులూ పొద్దున్నే ఫర్నేస్‌కు వెళ్లిపోయాయి. మామగారు మహా హుషారుగా ఉన్నారు. కూతురి గిన్నెలో ఓ ముద్ద కూర వేసి, మీసం దువ్వుకున్నారు.

‘‘మొన్న ఆయన నిన్ను అంటుంటే ర్యాకు వెనకాల నిలబడి అంతా విన్నానమ్మా. నా మొండితనం వల్ల నీకు మాటొచ్చింది. సిగ్గేసింది నాకు. అందుకే ఈసారి నీ కార్డులో ఉన్నదే కోశాను. పాయింట్ మూడంటే పాయింట్ మూడు. వెంట్రుకంత ఎక్కువ లేదు. కావాలంటే ఎవణ్ణి కొలుచుకోమన్నా కొలుచుకోమను!’’

 నా భార్య మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది.

‘‘ఏమైందే?’’ అన్నారాయన.

‘‘కొంప మునిగింది మామయ్యా’’ అన్నాను నేను. ఇంక దాచేదేముంది?

తనే చెప్పింది. నాలుగేళ్లుగా తండ్రి కలిపే రెండును ముందే తీసేసి రాస్తున్నానని, ఈ షాఫ్టులకు కావాల్సింది పాయింట్ ఐదని, ఇప్పుడున్న పాయింట్ మూడును రెండు పక్కలకూ పంచితే ఒక్కో పక్క పాయింట్ ఒకటి ఐదే ఉందని, ఇంత సన్నటి షాఫ్టుకు అది చాలడం కష్టమని. ఆయన చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

‘‘నాలుగేళ్లా?’’

‘‘అవును నాన్నా.’’

‘‘మూడోసారి ఎందుకు చెప్పలేదే నాకు?’’

‘‘రెండుసార్లు చెప్పాను కదా నాన్నా!’’

ఆయన గిన్నె పక్కకు జరిపారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు. మాట వినని మనిషి జన్మలో ఒక్కసారి విన్నాడు, అదీ సరిగ్గా వినకూడని రోజున! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

‘‘ఇప్పుడు కూర్చుని ఏడిస్తే షాఫ్టు లావెక్కదు. ఫర్నేస్‌లో పెట్టారో లేదో కనుక్కోండి’’ అని లేచింది నా భార్య. చెయ్యి కూడా కడుక్కోలేదు. స్కూటరు తీశాను. ముగ్గురం దాని మీదే పోయాం.

ఫర్నేస్ నడిపేది మామగారి వయసాయనే. కనుబొమలు రెండూ మంటకు ఎప్పుడో కాలిపోయాయి, అందుకని అందరూ ఆయన్ని ‘బొమల్లేని బాబాయి’ అంటారు, ఆయన ముందే అంటారు. మేం వెళ్లేసరికి ఆరు షాఫ్టులనూ కడిగి, ట్రేలో పక్కపక్కన పడుకోబెట్టి, ఫర్నేస్ తలుపు దాకా తోసుకొచ్చాడు.

‘‘ఆపు బాబాయ్!’’ అని అరిచాను. ఆయన అదిరిపడి ట్రే వదిలేశాడు.

‘‘ఎవరు పోయార్రా?’’

‘‘ఇంకా ఎవరూ పోలేదు. తలుపు ముయ్యి ముందు.’’

నా భార్య ట్రే దగ్గర నిలబడి షాఫ్టుల వంక చూసింది. పెదవులు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటోంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది.

‘‘వీటిని పడుకోబెట్టొద్దు బాబాయ్. పడుకుంటే ఎర్రగా కాలినప్పుడు తన బరువుకే నడుము వంగుతుంది. చివర మర ఉంది కదా, దానికి నట్టు బిగించి నిలువుగా వేలాడదియ్యి. నూనెలోకి కూడా నిలువుగానే దిగాలి.’’

‘‘వేలాడదియ్యాలంటే నా దగ్గరున్న చట్రం చాలా చిన్నదమ్మాయ్. ఆరే పడతాయి.’’

‘‘మాకున్నవీ ఆరే!’’ అన్నాను.

‘‘ఇంకోటి. కార్డులో గట్టి పొర ఒకటి పాయింట్ మూడు మిల్లీమీటర్లు రాశాను. ఒకటి పాయింట్ ఒకటికి తగ్గించు.’’

బాబాయి తలెత్తి చూశాడు. ‘‘అదెందుకు? పొర ఎక్కువుంటే మంచిదే కదా?’’

‘‘కాదు బాబాయ్. పైన అరగదీసేది తగ్గిపోయింది. పొర అలాగే ఉంచితే, లోపలికి వంగిన పక్క దాదాపు ఏమీ అరగదు కాబట్టి, అసలు కొలతకొచ్చాక మరీ మందంగా మిగులుతుంది, షాఫ్టు పెళుసవుతుంది. డ్రాయింగులో ఒకటి పాయింట్ రెండు దాటొద్దని ఉంది. ఒక అంకె మారితే రెండోది కూడా మారాలి.’’

మామగారు కూతురి వంక అలాగే చూస్తూ నిలబడ్డారు. ముప్పై నాలుగేళ్లు పాయింట్ రెండు ఉంచిన మనిషి, ఆ రెండు పోయి ఎక్కడ తగులుతుందో ఆ రోజు దాకా ఎప్పుడూ అడగలేదు. బాబాయి గొణుక్కుంటూ నట్టులు వెతకడానికి వెళ్లాడు.

రెండు రోజుల తర్వాత షాఫ్టులు తిరిగొచ్చాయి. ఒక్కోదాన్నీ రెండు చివరలా ఉండే సెంటరు గుంటలతో రెండు మొనల మధ్య పట్టించి, నడుము మీద డయల్ గేజి ఆనించి తిప్పాను. షాఫ్టు ఎంత వంగితే ముల్లు అంత ఊగుతుంది. మొదటిది పాయింట్ ఒకటి. రెండోది పాయింట్ ఒకటి నాలుగు. నాకు నవ్వొచ్చేసింది. అయిదోదాకా ఏదీ పాయింట్ రెండు దాటలేదు. పైగా మిల్లీమీటరులో ఒక వందో వంతు లావెక్కాయి కూడా, అడక్కుండా ఇచ్చిన కొసరు. మామగారు బొమల్లేని బాబాయికి అక్కణ్ణుంచే దండం పెట్టారు.

ఆరోది తిప్పాను. ముల్లు పాయింట్ మూడు నాలుగు ఊగింది.

మళ్లీ తిప్పాను. సెంటర్లు తుడిచి తిప్పాను. ముల్లు మాట మార్చలేదు. ముల్లు మొత్తం ఊగినదాంట్లో సగం వంకర, అంటే నడుము పాయింట్ ఒకటి ఏడు పక్కకు పోయింది. మా దగ్గరున్నది ఒక్కో పక్క పాయింట్ ఒకటి ఐదు. రెండు వందో వంతులు చాలలేదు. ఒక్కటి పాడైనా సరే అన్నాడు ఆ మహానుభావుడు. ఆ ఒక్కటీ ఇదే.

‘‘ప్రెస్సు కింద పెట్టి నొక్కుదాం. నిటారైపోతుంది’’ అన్నారు మామగారు.

‘‘వద్దు నాన్నా. పైపొర గట్టిది. చిట్లితే చిట్లినట్టు పైకి కనబడదు కూడా. రేపు అక్కడ ఎవరి మిషన్లోనో విరుగుతుంది.’’

‘‘మరి?’’

తను బల్ల మీద సుద్దముక్కతో ఒక విల్లు గీసింది. దాని రెండు చివరలూ కలుపుతూ ఒక గీత గీసింది. ‘‘ఇప్పుడు మనం చివరలు పట్టుకుని తిప్పుతున్నాం, అందుకని వంకరంతా నడుము మీదే పడుతోంది. చివరల్లో ఉన్న సెంటర్లనే ఉబ్బిన పక్కకు సగం జరిపామనుకో’’ అంటూ ఆ గీతను పైకి జరిపి గీసింది. ‘‘నడుముకు సగం, చివరలకు సగం. వంకర పంచుకుంటాయి. ఏ పక్కా పాయింట్ సున్నా తొమ్మిది దాటదు. ఈయన రాయికి అన్ని చోట్లా అందుతుంది. మర కూడా అంతే జరుగుతుంది, కానీ అది ఉత్త నట్టు కోసమే, ఫరవాలేదు.’’

నేను బల్ల మీది బొమ్మ చూశాను. నాకు అర్థమయ్యేలోపే మామగారు లేచి లేతు దగ్గరికి నడిచారు.

సెంటరంటే షాఫ్టు చివర ఉండే చిన్న గుంట. ఇప్పుడది గట్టిపడిపోయింది, పనిముట్టుతో కొయ్యడం కుదరదు, చిన్న రాయితో మెల్లగా అరగదియ్యాలి. మామగారు షాఫ్టును చక్‌లో బిగించి, డయల్ పెట్టి, దాన్ని పట్టి ఉంచే నాలుగు దవడలూ ఒక్కొక్కటే తిప్పుతూ కూర్చున్నారు. జీవితమంతా ముల్లు కదలకుండా బిగించిన చేతులు ఇప్పుడు ముల్లు సరిగ్గా కావాల్సినంతే కదిలేలా బిగించాలి. రెండుసార్లు అలవాటు కొద్దీ సున్నాకు తెచ్చేసి, నాలిక్కరుచుకుని మళ్లీ విప్పారు.

‘‘ఎంతమ్మా?’’ అని అడిగారు.

‘‘పాయింట్ సున్నా ఎనిమిది నాన్నా.’’

‘‘ఎనిమిదే కదా? ఎనిమిదే రాశావు కదా? మనసులో పది పెట్టుకుని కాదు కదా?’’

‘‘ఎనిమిదే నాన్నా, ఒట్టు!’’ అని తను నవ్వేసింది. నాలుగైదు రోజుల తర్వాత అదే నవ్వడం. మామగారూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు, తర్వాతి వంతు నాది కదా.

రెండో చివర కూడా అయ్యాక షాఫ్టు నా మిషనెక్కింది. రాయి ఆనించాను. మొదట నడుము దగ్గర ఒక పక్క నిప్పురవ్వలు లేచాయి, తర్వాత చివరల్లో రెండో పక్క. నీళ్లు ధారగా పెట్టి, వందో వంతు చొప్పున దింపుకుంటూ వచ్చాను. తొందరపడితే పొర మాడుతుంది, మాడితే మళ్లీ అదో కథ. నలుపు తగ్గుతూ వచ్చి అరచేతంత మిగిలింది, తర్వాత రూపాయి బిళ్లంత. మామగారు నా భుజం మీద గడ్డం పెట్టినంత పని చేశారు. ‘‘కాస్త జరగండి మామయ్యా, మీ ఊపిరికే షాఫ్టు వేడెక్కుతోంది’’ అన్నాను. అసలు కొలతకు ఇంకా పది వందో వంతులుండగా ఆ బిళ్ల గోరంతైంది. ఎనిమిది దగ్గర మాయమైపోయింది. తళతళా మెరిసిపోతూ తిరుగుతోంది షాఫ్టు. నేను మిషను ఆపలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాను.

ఆరు షాఫ్టులూ కొలిపించి యజమాని బల్ల మీద పెట్టాం. అన్నీ పాసైనట్టు చీటీ కూడా ఉంది. నా భార్య ఆ చీటీ ఇచ్చి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నాలుగేళ్ల సంగతి, ఈ వారం సంగతి, మొత్తం చెప్పేసింది.  యజమాని చీటీని తిప్పి తిప్పి చూశాడు.

‘‘అంటే నాలుగేళ్లుగా నా దగ్గరున్న కార్డులన్నీ అబద్ధాలా?’’

‘‘అవును సార్. పని సరిగ్గానే జరిగింది, కార్డు మాత్రం అబద్ధం.’’

‘‘ఇక మీదట?’’

‘‘కార్డులో ఉన్నదే షాఫ్టు మీద ఉంటుంది.’’

‘‘మీ నాన్న ఒప్పుకోవాలి కదమ్మా!’’ అన్నాడు. ఆయనకూ నవ్వాగలేదు. ‘‘సరే, కుర్చీ నీదే. కొత్త పనొచ్చింది, కార్డు రాసి తీసుకురా.’’

కొత్త షాఫ్టు ఇంచుమించు అంతే పొడుగు, కాకపోతే ఒక పక్క పొడుగునా గాడి ఉంది. తను లెక్క వేసి, నాలుగేళ్లలో మొదటిసారి ఉన్నదున్నట్టు పాయింట్ ఐదు అని రాసింది. రాసి, యజమాని దగ్గరికి కాదు, నేరుగా లేతు దగ్గరికి తీసుకెళ్లింది.

‘‘నాన్నా, ఇది నిజం అంకె. నువ్వైతే ఎంత ఉంచుతావు?’’

ఆయన కార్డు చూడలేదు. డ్రాయింగు తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. గాడి మీద బొటనవేలు పెట్టారు.

‘‘ఒక పక్క గాడి ఉంటే రెండు పక్కలా ఒకలా చల్లారదే. వంకర ఒకే పక్కకు లాగుతుంది. ఇలాంటివి నేను చాలా చూశాను. ఐదు చాలదు, ఆరు కావాలి’’ అన్నారు. అంతలోనే గొంతు తగ్గించి, ‘‘ఇది భయంతో చెప్పడం లేదమ్మా. నువ్వు ఐదే అంటే ఐదే కోస్తాను’’ అన్నారు.

తను డ్రాయింగు వంక చూసింది, ఆయన బొటనవేలి వంక చూసింది. పొర ఎంత పెంచాలో లెక్క కట్టుకుంది. ఐదు కొట్టేసి, అందరికీ కనబడేట్టు ఆరు రాసి, పక్కన తండ్రి చేత సంతకం పెట్టించింది.